కల్యాణలక్ష్మి దరఖాస్తు నింపే ముందు

కల్యాణలక్ష్మి కింద వచ్చేది 1,00,116 రూపాయలు. అమ్మాయికి పెళ్లినాటికే 18 ఏళ్లు నిండాలి. దరఖాస్తు పెట్టేనాటికి నిండితే చాలదు. మన గోదావరిఖని పట్టణం కాబట్టి కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. తండ్రి కాంట్రాక్టు పనిలో నెలకు 15 వేలు తెస్తే ఏడాదికి 1,80,000, అర్హతే. తల్లి కుట్టుపనితో నెలకు మరో 3 వేలు సంపాదిస్తే 2,16,000, పరిమితి దాటినట్టే.

ఆదాయ, కుల ధ్రువపత్రాలకు మీసేవలో అర్జీ పెట్టుకోండి. వాటితో పాటు ఆధార్లు, పెళ్లి ఫొటో, తల్లి బ్యాంకు పాస్‌బుక్కు జతచేయాలి. తల్లి పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో, పాస్‌బుక్కులో పొడి అక్షరంతో ఉంటే ఫైలు అక్కడే ఆగవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరమక్షరం చూడండి. తేడా కనిపిస్తే ముందు బ్యాంకులో సరిచేయించండి, తర్వాతే దరఖాస్తు.