ఫోనులో ఏ సైటును నమ్మాలి?
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది మన సంఘం సభ్యురాలి ఒకామె ఫోనుకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. 'పీఎం కిసాన్ డబ్బులు ఆగిపోతాయి, ఈ యాప్ వేసుకోండి' అని, కింద .apk అని ముగిసే ఫైలు. పంపింది తెలిసిన చుట్టమే కాబట్టి ఆమె వేసుకుంది. యాప్ మెసేజీలు చదవడానికి అనుమతి అడిగితే సరే అని నొక్కింది. బ్యాంకు పంపే ఓటీపీలన్నీ అవతలివాడికి కనిపించాయి. సాయంత్రానికి ఖాతాలో ఎనిమిది వేలు లేవు. ఆ చుట్టం ఫోను అప్పటికే వాళ్ల చేతిలో ఉందని తర్వాత తెలిసింది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మేము మర్నాడు చేశాం, ఆలస్యమైంది.

అందుకే మేము ఇప్పుడు పేరు చూడం, బొమ్మ చూడం, అడ్రసు చూస్తాం. అసలు సైటు pmkisan.gov.in. https:// తర్వాత వచ్చే మొదటి గీత (/) కంటే ముందున్న భాగం చుక్కతో సహా .gov.in తోనే ముగియాలి. ఆ చివరి ముక్క ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. gov.in తర్వాత చుక్క పెట్టి ఇంకేదైనా ఉన్నా, చుక్క బదులు చిన్న అడ్డగీత ఉన్నా అది వేరేవాళ్లది. లింకు నొక్కకుండా మనమే టైపు చేసుకుంటే ఈ బాధే ఉండదు. ఈ-కేవైసీకి ఆ సైటు కూడా ఓటీపీ అడుగుతుంది. మనం తెరిచిన సైటులో వేయొచ్చు, ఫోన్ చేసినవాడికి మాత్రం చెప్పకూడదు.

ధరలకు agmarknet.gov.in ఉంది. పంట, రాష్ట్రం, మార్కెట్, తేదీ ఎంచుకుంటే కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు వస్తాయి. మనవాళ్లు గరిష్ఠం చూసి ఆశపడతారు. అది ఒక్క మేలైన లాటుకు పలికింది కావచ్చు. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మోడల్, చూడాల్సింది అదే.

ఆ ధరలు క్వింటాలుకు. ఊళ్లో వ్యాపారి బస్తా లెక్క చెబుతాడు. నలభై కిలోల వేరుశనగ బస్తా 2,300 అన్నాడనుకోండి, క్వింటాలుకు 5,750. సైటులో మోడల్ 6,100 ఉంటే తేడా 350. యార్డుకు బండి కిరాయి, హమాలీ కలిపి క్వింటాలుకు అంతకంటే తక్కువైతేనే తీసుకెళ్లాలి. కాయలో తేమ ఎక్కువుంటే యార్డులోనూ ఆ ధర రాదు. ఇంకోటి, తేదీ చూడండి. యార్డువాళ్లు లెక్క ఎక్కించని రోజు కొత్త ధర ఉండదు, పాతదాన్ని ఇవాళ్టిది అనుకుని బేరమాడితే నష్టపోతాం.

పురుగు, తెగులు సంగతికి యూట్యూబ్‌లో మందు పేరు విని కొనకండి. చాలా వీడియోలు అమ్మేవాళ్లవే. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పైరు వయసు, ఆకు మీద మచ్చ ఎలా ఉందో, ముందు ఏం కొట్టారో చూసి పెట్టుకుని చేయండి. వాళ్లు మొదట అడిగేవి అవే.