‘బాధ’ అన్న మాట కొట్టేస్తే ఏం మిగుల్తది?

(పెంటపాడులో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న రచనా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తెలంగాణ నుంచి వచ్చినవాణ్ణి. ఉద్యమ కాలంలో వారపత్రికలో ఊళ్ల నుంచి వచ్చే వార్తలు, ఉత్తరాలు దిద్దే పని చేసిన. పెంటపాడుకు పిలిచినప్పుడు, ఇక్కడ నేను చెప్పేది ఏముంటదని మొదలు అనుకున్న. తర్వాత యాదికొచ్చింది. మేము అన్నేళ్లు రాసింది మీ దాకా ఎందుకు చేరలేదో చెప్పాలంటే ఇదే సరైన జాగా.

మా దగ్గరికి వచ్చే వార్తల్లో సగం ఒకే వాక్యంతో ముగిసేవి. ‘గ్రామస్థులు తీవ్ర ఆవేదన వ్యక్తం చేశారు.’ బోరు ఎండినా అదే వాక్యం, జీతం ఆగినా అదే, చావు జరిగినా అదే. మేము దిద్దకుండా అచ్చేసేవాళ్లం. చదివేవాళ్లు మనవాళ్లే, వాళ్లకు ఆ గోస ముందే తెలుసు. తెలియనివాళ్లకు ఆ వాక్యంలో ఏమీ దొరకలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కానీ తెలంగాణ అవతల ఉన్న ఒక మామూలు పాఠకుడికి మా దుఃఖం ఏ రూపంలో ఉంటదో చూపించగలిగినమా అంటే, చాలాసార్లు లేదనే నా జవాబు.

ఒక్క ఉదాహరణ చెప్త. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. ‘ఫ్లోరైడు బాధితులు నరకయాతన అనుభవిస్తున్నారు’ అని ఎన్నిసార్లు రాసినమో లెక్కలేదు. ఆ జబ్బు ముదిరితే మెడ, వెన్ను బిగుసుకుపోతయి. అట్లాంటి మనిషిని వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే తల ఒక్కటే తిప్పలేడు. ముందు పాదాలు జరుపుతడు, తర్వాత నడుము, భుజాలు, తల అన్నీ కలిసి ఒక దూలం తిరిగినట్టు తిరుగుతయి. ఇది ఒక్కసారి రాస్తే ‘నరకయాతన’ అన్న మాట అక్కర్లేదు. చదివినవాడు తన మెడ ఒకసారి తిప్పి చూసుకుంటడు.

ఇది కొత్త సంగతేం కాదు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, రసం పేరు చెప్తే రసం పుట్టదన్నడు. ‘కరుణ’ అని రాస్తే కరుణ కలగదు. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యప్రకాశంలో భావాన్ని దాని పేరుతోనే చెప్పటాన్ని రసదోషాల్లో లెక్కేసిండు. మరి దేనితో చెప్పాలె? భరతుడి నాట్యశాస్త్రం చెప్పినవాటిలో రెండు ఇక్కడ మనకు కావాలె. ఒకటి విభావం, అంటే ఆ భావానికి కారణం. రెండోది అనుభావం, అంటే ఒంటి మీద, చేష్టలో కనిపించే గుర్తు. ఒంటి మీద తనకు తానే వచ్చే గుర్తులను సాత్విక భావాలన్నరు. అవి ఎనిమిది: కొయ్యబారటం, చెమట, గగుర్పాటు, గొంతు మారటం, వణుకు, రంగు మారటం, కన్నీరు, స్పృహ తప్పటం. ఈ రెండింటిలో ఒకటి లేకుంటే రెండోది పనిచేయదు. ఎందుకో మీ కొల్లేరు సంగతితోనే చూద్దాం.

పొద్దున ఇక్కడ అందరినీ నాలుగు వాక్యాలు రాయమన్నం. లంక గ్రామం నుంచి వచ్చి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక చెల్లె ఇట్లా రాసింది.

‘2006లో కొల్లేరులో మా చేపల చెరువు గట్టు కొట్టేశారు. మా నాన్న చాలా బాధపడ్డాడు. ఇంట్లో అందరం తీవ్ర విషాదంలో మునిగిపోయాం. ఆ రోజును ఎప్పటికీ మరచిపోలేను.’

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. 1999లో కొల్లేరులో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించటం, 2006లో దాని లోపలి చెరువుల గట్లను పొక్లెయిన్లతో తెంచటం అందరికీ తెలిసిన చరిత్రే. అయినా చదివితే నాన్న కనిపించడు. ‘బాధపడ్డాడు’ అన్న మాట ఆయన ముందు తలుపేసి నిలబడ్డది.

ఆమెను మార్చి రాయమన్నం. పది నిమిషాల తర్వాత వచ్చింది ఇది.

‘నాన్న కళ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి. పెదవులు వణికాయి. పిడికిళ్లు బిగుసుకున్నాయి. గుండె చెరువైపోయింది. గొంతు పూడుకుపోయింది.’

అందరూ బాగుందన్నరు. నేను కాదన్న. ఒంటి గుర్తులు వచ్చినయి, నిజమే. కానీ ఈ నాన్నను ఇక్కడి నుంచి తీసి ఉద్యోగం పోయిన గుమాస్తా ఇంట్లో పెట్టండి, సరిపోతడు. పంట మునిగిన రైతు ఇంట్లో పెట్టండి, అక్కడా సరిపోతడు. ఏ ఇంట్లోనైనా ఇమిడే మనిషి ఏ ఇంటివాడూ కాడు. ‘బాధ’ అనే ఒక పాత మాట తీసి ఐదు పాత మాటలు పెట్టినం, అంతే. ఇంకో చిక్కుంది. ఐదు గుర్తులూ ఒకేసారి వస్తే మనిషి నాటకంలో వేషగాడిలెక్క ఉంటడు. చదివేవాడికి అనుమానం వస్తది.

అప్పుడు నేను ఆమెను అడిగిన. ‘చెల్లె, మీ నాన్న నిజంగా ఏడ్చిండా?’

‘లేదండి. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూళ్లేదు.’

‘మరి మర్నాడు పొద్దున ఏం చేసిండు?’

ఆమె కాసేపు ఊరుకుంది. ‘మేత కట్టడానికి లేచారండి’ అన్నది.

తెలియనివాళ్ల కోసం చెప్త. ఇక్కడ చేపల చెరువుల్లో తవుడు, చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపుతరు. దోనె మీద పోయి, నీళ్లలో పాతిన వెదుళ్లకు ఆ సంచులను కడుతరు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మేత తింటయి. రోజూ అదే వేళ, అదే చేయి. కాబట్టి ఆ మనిషి దుఃఖం ఆ సంచి దగ్గరే దొరకాలె. ఆమె చెప్పిందాన్ని చెప్పినట్టే రాయమన్నం. మూడోసారి రాసింది ఇది.

‘చెరువు గట్టు తెంచి పొక్లెయిన్ వెళ్లిపోయింది. చేపలు నీళ్లతోపాటే పోయాయి. మర్నాడు నాన్న ఎప్పటిలాగే నాలుగింటికి లేచాడు. వసారాలో మిగిలిన బస్తాలోంచి రెండు సంచులకు తవుడు నింపాడు. మేకుతో చిల్లులు పెట్టాడు. రెండో సంచి మూతి కడుతూ ఆగాడు. అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టింది. నాన్న కట్టిన ముళ్లు విప్పి, తవుడంతా మళ్లీ బస్తాలో పోశాడు. చిల్లుల్లోంచి రాలిన తవుడు వసారా నిండా పడింది. అమ్మ చీపురు తీసుకుంటే, “ఉండనీ” అన్నాడు. ఆయన ఎంత బాధపడ్డాడో నాకు అప్పుడు అర్థమైంది.’

ఇందులో ఒక్క కన్నీటి చుక్క లేదు. ఒంట్లో మారింది కూడా ఒక్కటే, చెయ్యి ఆగింది. పాతవాళ్లు స్తంభం అన్నది అదే. ఇది ఏ గుమాస్తా ఇంట్లోనూ ఇమడదు, చేపల చెరువు పోయిన ఇంట్లోనే ఇమిడుతది.

ఇప్పుడు రెండు దిద్దుబాట్లు. చివరి వాక్యం మీద చెయ్యి పెట్టి మూసి చదవండి. ఏమన్నా తగ్గిందా? తగ్గలేదు. ‘ఉండనీ’ దగ్గరే అయిపోయింది. ఆ తర్వాత ‘ఎంత బాధపడ్డాడో’ అంటే చదివేవాడి చేతిలో ఉన్నది గుంజుకొని మనమే తిన్నట్టు. అది కొట్టేసినం. భయంతోనే రాస్తం ఈ వాక్యం, అర్థం కాదేమో అని. మా పత్రికలో నేను దిద్దిన ఉత్తరాల్లో ఎక్కువసార్లు కొట్టేయాల్సి వచ్చింది చివరి వాక్యాన్నే.

రెండోది, ఆ భయం ఒక్కోసారి నిజమే. అందుకని పరీక్ష పెట్టాలె. మొదటి రెండు వాక్యాలు తీసేసి, మిగిలింది ఈ కథ తెలియని ఒకరికి ఇచ్చినం. ‘ఈయన ఎట్లున్నడు?’ అని అడిగితే, ‘మతిమరుపు పెద్దమనిషి’ అన్నడు. తప్పు ఆయనది కాదు. గుర్తు ఉంది, కారణం లేదు. ఉల్లిగడ్డ కోసినా కన్నీళ్లు వస్తయి, బిడ్డ పెండ్లిలోనూ వస్తయి. గట్టు తెగింది, చేపలు పోయినయి అన్న రెండు వాక్యాలూ మళ్లీ పెట్టి ఇంకొకరికి ఇస్తే, ఆమె చదివి ఏమీ చెప్పకుండా కాగితం తిరిగి ఇచ్చింది. కారణం ముందు రావాలె, పొట్టిగా రావాలె, సాదాగా రావాలె. ‘దారుణంగా తెంచారు’ అని అక్కడే మన కోపం కలిపితే, నాన్న రాకముందే మనం ఏడ్చినట్టయితది.

ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నయి. ప్రతి భావాన్నీ ఇట్లా చూపిస్తే రచన నడవదు. ఇంటికి పోయేసరికి ఆలస్యమై చిరాకుపడ్డడంటే, ఆ చిరాకు కథకు ముఖ్యం కాకుంటే, ‘చిరాకుపడ్డాడు’ అని రాసి ముందుకు పోవాలె. బరువు మోసే చోటు ఒకటో రెండో ఉంటయి, అక్కడ ఆగితే చాలు. పాత్ర తన నోటితో ‘నాకు బాధగా ఉంది’ అంటే అదీ తప్పు కాదు, ఎందుకంటే ఎవరితో, ఎప్పుడు అన్నదన్నది కూడా ఒక చేష్టే.

ఇంకో హద్దు ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం. వినతిపత్రానికి తవుడు సంచి చాలదు. అక్కడ లెక్క కావాలె. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మీ ఊరి బోరులో ఎంతుందో రాయాలె. మెడ తిరగని మనిషిని చూపిస్తే చదివేవాడు ఆగుతడు, ఆగినవాడికి జవాబు చెప్పేది అంకె.

చివరగా, నాన్న దుఃఖం చూపించినంత మాత్రాన చెరువుల తగవు తీరదు. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోయేది ఉప్పుటేరు ఒక్కదానిగుండానే. గట్లు అడ్డం పడి వరద ఎగువ పొలాల్లో నిలిచి, పంట పోగొట్టుకున్న రైతు ఇంట్లో కూడా ఒక పొద్దు నాలుగింటికి ఎవరో లేచి ఉంటరు. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగిందో కూడా ఎవరన్నా రాయాలె. మా గోస మాత్రమే గోస అని రాసినప్పుడు మేము చేసిన తప్పు అదే. ఎదుటివాడి చెయ్యిని చూడలేదు, మన చెయ్యిని వాడికి చూపలేదు. రెండు వైపులా ఆవేదన వ్యక్తం చేసుకుంటూ కూర్చున్నం.

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నప్పుడు మీరు పొద్దున రాసిన కాగితాలు తీయండి. బాధ, విషాదం, ఆవేదన, దుఃఖం అన్న మాటల కింద గీత గీయండి. ఆ మాట కొట్టేసి, ‘ఆ రోజు ఆయన చెయ్యి ఏం చేస్తున్నది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. యాదికి రాకుంటే ఇంటికి పోయి అమ్మను అడగండి, ఆమెకు యాదుంటది. సెలవు.