మెగ్నీషియం మాత్ర వేస్తే నిద్ర పడుతుందా? డబ్బా వెనక్కి తిప్పి చూద్దాం

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "రీల్స్‌లో అందరూ మెగ్నీషియం గ్లైసినేట్ అంటున్నారు, వేసుకోవచ్చా?" నేను ఫార్మసిస్ట్‌ని కాబట్టి డబ్బా దగ్గర నుంచే మొదలుపెడతాను.

డబ్బా ముందు పెద్దక్షరాల్లో "1000 మి.గ్రా." అని ఉంటుంది. అది మెగ్నీషియం బరువు కాదండి. మెగ్నీషియం, దానికి అతుక్కుని ఉన్న గ్లైసిన్, రెండూ కలిపిన బరువు. అందులో అసలు మెగ్నీషియం నూటికి 14 పాళ్లే, అంటే 140 మి.గ్రా. దీన్నే లేబుల్ వెనక "ఎలిమెంటల్ మెగ్నీషియం" అని రాస్తారు. మీరు చూడాల్సిన అంకె అదే. అది ఒక మాత్రకా, రెండు మాత్రలకా అన్నది కూడా చూడండి, చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు. ఇంకో చిన్న కిటుకు చెప్తాను. గ్లైసినేట్ 1000 మి.గ్రా. అని రాసి, ఎలిమెంటల్ 300 అని చూపిస్తే, ఆ లెక్క కుదరదు. అందులో చవకైన మెగ్నీషియం ఆక్సైడ్ కలిపి ఉండొచ్చు. ఆక్సైడ్‌లో మెగ్నీషియం 60 శాతం ఉంటుంది కానీ ఒంటికి సరిగా పట్టదు, కొందరికి విరేచనాలు అవుతాయి.

సరే, పనిచేస్తుందా? అందరూ చెప్పుకునే స్టడీ ఇరాన్‌ది, 2012లో వచ్చింది. నిద్రలేమి ఉన్న 46 మంది పెద్దవయసు వాళ్లకి రోజుకి 500 మి.గ్రా. మెగ్నీషియం, 8 వారాలు ఇచ్చారు. కొంత మేలు కనిపించింది. విచిత్రం ఏంటంటే, అక్కడ వాడింది గ్లైసినేట్ కాదు, ఇందాక మనం చవక అనుకున్న ఆక్సైడే! తర్వాత 2021లో ఇలాంటి మూడు ట్రయల్స్‌ని కలిపి చూశారు. మొత్తం 151 మంది, అందరూ పెద్దవాళ్లే. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే 17 నిమిషాలు ముందు నిద్రపట్టింది. కానీ ఆ ట్రయల్స్ నాణ్యత తక్కువ అని రాసింది ఆ సమీక్ష చేసినవాళ్లే.

మరి మన వయసువాళ్ల సంగతి? 2025లో గ్లైసినేట్ మీదే ఒక ట్రయల్ వచ్చింది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య 155 మంది, రోజూ 250 మి.గ్రా. ఎలిమెంటల్, నాలుగు వారాలు. నిద్రలేమిని 0 నుంచి 28 వరకు మార్కులేసి కొలుస్తారు, ఎక్కువ మార్కులంటే ఎక్కువ ఇబ్బంది. మాత్ర వేసుకున్నవాళ్లకి దాదాపు 4 మార్కులు తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్లకీ 2కి పైగా తగ్గాయి. అంటే మాత్ర వల్ల వచ్చిన తేడా ఒకటిన్నర మార్కు. సున్నా అనను, కానీ రీల్‌లో చూపించే "లైఫ్ మారిపోయింది" అయితే కాదు.

గ్లైసిన్ కథ వేరు. జపాన్‌లో పడుకునే ముందు 3 గ్రాములు ఇచ్చి చూశారు. మరుసటి రోజు అలసట తగ్గిందని చెప్పారు. కానీ ఒక్కో స్టడీలో పదిపదిహేను మందే ఉన్నారు, పైగా గ్లైసిన్ తయారుచేసే కంపెనీ పరిశోధకులే చేశారు. ఇక మన 1000 మి.గ్రా. గ్లైసినేట్‌లో వచ్చే గ్లైసిన్ 860 మి.గ్రా. మాత్రమే, ఆ 3 గ్రాములకి మూడో వంతు కూడా లేదు. "రెండూ ఒకే మాత్రలో" అనే ప్రచారాన్ని ఈ అంకెతో పోల్చుకోండి.

ఇప్పుడు నాకు అసలు భయం ఎక్కడో చెప్తాను. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. తను వాడి బావుందనిపించి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి కూడా రెండు డబ్బాలు ఆర్డర్ పెట్టేశాడు. నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్, బీపీ పన్నెండేళ్లుగా ఉన్నాయి. రాత్రికి రెండు మాత్రలు, దానికి తోడు రోజూ గ్యాస్‌కి తెల్లటి సిరప్. ఆ సిరప్‌లోనూ మెగ్నీషియం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తెలీదు. మూడు వారాలకి "నాన్న పగలు కూడా బాగా నిద్రపోతున్నారన్నా, పనిచేస్తోంది" అన్నాడు.

నాకది నచ్చలేదు. కిడ్నీలు బాగుంటే ఎక్కువైన మెగ్నీషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది. అప్పుడు వికారం, నీరసం, మత్తు వస్తాయి, బీపీ పడిపోతుంది, ఇంకా పెరిగితే గుండె నెమ్మదిస్తుంది. నిద్ర కోసం వేసుకున్న మాత్రకి మత్తు వస్తే ఎవరైనా అనుమానిస్తారా చెప్పండి? క్రియాటినిన్ టెస్ట్ చేయించమన్నాను. 2.4 వచ్చింది. ఆ వయసుకి లెక్కేస్తే కిడ్నీ పనితీరు 30 దగ్గర, అంటే సగం కూడా లేదు. ఆయనకి కిడ్నీ సమస్య ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రక్తంలో మెగ్నీషియం 3.1 ఉంది. మామూలుగా 2.4 లోపు ఉండాలి. 3.1 ప్రాణం తీసే అంకె కాదు, మత్తంతా దానివల్లే అని కూడా చెప్పలేం. అందుకే డాక్టర్ గారు మాత్ర, సిరప్ రెండూ ఆపించి షుగర్, బీపీ మందులు కూడా మళ్లీ చూశారు.

కాబట్టి షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకి క్రియాటినిన్ చూడకుండా ఈ డబ్బా పంపకండి. ఉద్దానం వైపు వాళ్లయితే మరీ జాగ్రత్త, అక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకీ కిడ్నీ జబ్బు వస్తోంది.

ఆ తమ్ముడి అమ్మగారు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. మెగ్నీషియం ఆ మందుని ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. ఆవిడ రాత్రి వేసుకుంటున్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. మీలో మొటిమలకి డాక్సీసైక్లిన్ వాడేవాళ్లు ఉంటే ఇదే గొడవ: రెండూ కలిపి రాత్రి మింగితే డాక్సీ వృథా. రెండు మూడు గంటలు ఎడం పెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌కి ఇంకా ఎక్కువ ఎడం కావాలి, మందులిచ్చిన చోట అడగండి. మయస్తీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు ఉన్నవాళ్లు మెగ్నీషియం ముట్టుకోకూడదు. క్లోజాపిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా గ్లైసిన్ పొడి మొదలుపెట్టొద్దు, ఆ మందు పని తగ్గే అవకాశం ఉంది.

అశ్వగంధ గురించి కూడా అడిగారు. నిద్రకి కొంత మేలు చూపిన చిన్న ట్రయల్స్ ఉన్నాయి, చాలావరకు మన దేశంలోనివే. కానీ లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. "ఆయుర్వేదం కదా, ఏం కాదు" అనుకోకండి. గర్భిణులు, థైరాయిడ్, లివర్ సమస్య ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. మెలటోనిన్ గమ్మీల సంగతికొస్తే, 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్‌కీ లోపల సరుక్కీ పొంతన లేదు. ఒకదాంట్లో అయితే మెలటోనినే లేదు!

మీకు వేరే జబ్బులు, మందులు ఏమీ లేకుండా ప్రయత్నించాలనుకుంటే, రాత్రి 100 నుంచి 200 మి.గ్రా. ఎలిమెంటల్ చాలు. యూరప్‌లో సప్లిమెంట్ ద్వారా పెట్టుకున్న హద్దు రోజుకి 250, అమెరికాలో 350. నాలుగు వారాలు చూడండి. ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో రోజూ ఫోన్‌లో రాసుకోండి. తేడా లేకపోతే రెండో డబ్బా కొనకండి. గురక గట్టిగా వస్తూ, మధ్యలో ఊపిరి ఆగినట్టుందని రూమ్మేట్ చెప్తే మాత్రం ఈ నాలుగు వారాలు కూడా ఆగొద్దు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి మెగ్నీషియం ఏమీ చెయ్యదు.

ఇంట్లో ఉన్న డబ్బా లేబుల్ అర్థం కాకపోతే వెనకవైపు ఫొటో పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో లెక్కేసి చూద్దాం. ఉంటానండి.