టికెట్ కొన్నావని నువ్వే నిరూపించు! బర్డెన్ ఆఫ్ ప్రూఫ్ అంటే ఏంటి?

నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి ఆఫీసు పని మీద వెళ్ళి క్యాబ్ ఖర్చు క్లెయిమ్ చేశాను. నాలుగు నెలల తర్వాత ఆడిట్ వాళ్ళు పిలిచి, "ఆ రోజు నువ్వు క్యాబ్‌లోనే వెళ్ళావని నిరూపించు, లేదంటే దొంగ బిల్లు పెట్టినట్టే" అన్నారు. రసీదు ఎప్పుడో పోయింది. డ్రైవర్‌కి డబ్బులు చేతికే ఇచ్చాను.

ఇక్కడ రెండు వేర్వేరు మాటలు కలిసిపోయాయి, చూడండి. "రసీదు లేదు కాబట్టి డబ్బు ఇవ్వం" అంటే సరే, డబ్బు అడిగింది నేనే కాబట్టి చూపించాల్సిందీ నేనే. కానీ "నువ్వు మోసం చేశావు" అన్నది వాళ్ళ మాట. దాన్ని నిరూపించాల్సింది వాళ్ళు. ఒక విషయం ఉందని ఎవరు అంటే వాళ్ళే రుజువు చూపాలి. బర్డెన్ ఆఫ్ ప్రూఫ్, అంటే నిరూపణ భారం, ఇదే. పాత ఎవిడెన్స్ యాక్టులో ఇది సెక్షన్ 101, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 104.

"మరి ట్రైన్‌లో టీటీఈ వచ్చి టికెట్ చూపించమంటే మనమే చూపించాలి కదా?" అని మీరు అడగొచ్చు. కరెక్టే. ఒక విషయం ప్రత్యేకంగా ఒక మనిషికే తెలిసినదైతే, దాన్ని అతనే నిరూపించాలని పాత సెక్షన్ 106, ఇప్పటి 109 చెప్తుంది. చట్టమే ఇచ్చిన ఉదాహరణ కూడా రైలు టికెట్టే.

ఈ మినహాయింపుని ఎంతవరకు లాగొచ్చు అన్న ప్రశ్న 1956లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. శంభునాథ్ మెహ్రా కేసు. అజ్మీర్‌లో టెలిగ్రాఫ్స్ శాఖ గుమస్తా ఆయన. 1948లో రెండు ప్రయాణాలకి సెకండ్ క్లాస్ చార్జీలు క్లెయిమ్ చేశాడు. అసలు ఆ చార్జీలు కట్టనేలేదని మోసం కేసు పెట్టారు. ఆ తేదీల్లో అజ్మీర్ కౌంటర్‌లో ఆ ఊళ్ళకి సెకండ్ క్లాస్ టికెట్లు ఇవ్వలేదని రైల్వే రికార్డు చూపించారు.

గట్టి సాక్ష్యం లాగే ఉంది కదా? కానీ కౌంటర్‌లో టికెట్ కొనకుండా, రైల్లోనే చార్జీ కట్టి రసీదు తీసుకునే పద్ధతి కూడా అప్పట్లో ఉంది. ప్రాసిక్యూషన్ ఆ దారి మూయలేదు. దానికి బదులు, చార్జీ కట్టావో లేదో నీకే తెలుసు కాబట్టి నువ్వే నిరూపించు అని సెక్షన్ 106ని పట్టుకుంది. కోర్టు ఒప్పుకోలేదు. అలా అయితే హత్య కేసులో కూడా, చంపావో లేదో నీకే బాగా తెలుసు కాబట్టి చంపలేదని నువ్వే నిరూపించు అనాల్సి వస్తుంది కదా అంది. పైగా ఏళ్ళ తర్వాత ఒక గుమస్తాకి గుర్తున్న దానికంటే రైల్వే రికార్డుల్లోనే ఎక్కువ సమాచారం దొరుకుతుంది. ఆయన్ని నిర్దోషిగా వదిలేశారు.

ఇప్పుడు రెండో ముక్క, "సహేతుకమైన అనుమానానికి అతీతంగా". చాలామంది దీన్ని ఏ చిన్న అనుమానం ఉన్నా వదిలేయాలి అని అర్థం చేసుకుంటారు. కాదు. పొద్దున లేచేసరికి మీ వాకిలి తడిగా ఉంది. రాత్రి వాన పడిందా? వెంటనే చెప్పలేం, ఎందుకంటే అమ్మ కళ్ళాపి చల్లి ఉండొచ్చు. రోజూ చల్లుతుంది కాబట్టి అది సహేతుకమైన అనుమానం. అదే మీ డాబా, ఎదురింటి డాబా, వీధి చివర చెట్టు, తీగ మీద బట్టలు అన్నీ తడిసి ఉన్నాయనుకోండి. "ఎవరో రాత్రంతా ట్యాంకర్ పెట్టి ఊరంతా తడిపి ఉండొచ్చు కదా" అనేవాడు ఒకడు ఉంటాడు (మా హాస్టల్‌లో ఉండేవాడు). అలా జరగడం అసాధ్యమేమీ కాదు, కానీ ఆ అనుమానానికి ఆధారం ఏదీ లేదు.

మెహ్రా కేసులో "రైల్లో కట్టి ఉండొచ్చు" అన్నది కళ్ళాపి లాంటి అనుమానం, నిజంగా ఉన్న పద్ధతిలోంచి వచ్చింది. టికెట్ చెకర్ల రసీదు పుస్తకాలన్నీ తెచ్చి, వాటిల్లో కూడా ఆ చార్జీ లేదని చూపించి ఉంటే, ఆ అనుమానం బలం చాలావరకు పోయేది.

ఇంకో సంగతి. ఈ కొలత శిక్ష పడే క్రిమినల్ కేసుకే. శాఖాపరమైన విచారణలో, సివిల్ దావాలో అయితే రెండు కథల్లో ఏది ఎక్కువ నమ్మేలా ఉంది అన్నదే చూస్తారు. అందుకే కోర్టులో నిర్దోషిగా బయటపడ్డవాళ్ళ ఉద్యోగం కూడా కొన్నిసార్లు పోతుంది.

నా క్యాబ్ సంగతి అంటారా, డబ్బు వదులుకున్నాను. మోసం అన్న మాట మాత్రం మెయిల్‌లో వెనక్కి తీసుకోమన్నాను, తీసుకున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో చెక్ బౌన్స్ కేసు చూద్దాం, అక్కడ చట్టమే ఈ భారాన్ని తిప్పి నిందితుడి మీద పెడుతుంది.