ఐస్ యంత్రం కొనేముందు వేయాల్సిన లెక్క

ఆంధ్రా సరిహద్దులో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న తడలో చేపలు, రొయ్యలు కొని పంపే చిన్న వ్యాపారికి రోజూ తప్పని ఖర్చు ఐసు. అందుకే ఎప్పుడో ఒకప్పుడు, బయట కొనేబదులు సొంతంగా ఐస్ యంత్రం పెట్టుకుంటే పోలా అనిపిస్తుంది. అప్పుడు వేసుకోవాల్సిన చిన్న లెక్కను పేబ్యాక్ పీరియడ్ అంటారు. పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగి చేతికొస్తుందో అది చెబుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. యంత్రం ధర, బిగింపు, కరెంటు కనెక్షన్ కలిపి 6 లక్షల రూపాయలు. వ్యాపారికి రోజుకు 500 కిలోల ఐసు కావాలి. కిలో 3 రూపాయల చొప్పున బయట కొంటే 1,500 అవుతుంది. సొంతంగా చేసుకుంటే కరెంటు, నీళ్లు, మనిషి కూలి, రిపేర్లు అన్నీ కలిపి 700 అవుతుంది. అంటే రోజుకు 800 మిగులు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 800ని 365తో గుణిస్తే ఏడాదికి 2,92,000 వస్తుంది. రెండేళ్లు దాటగానే పెట్టుబడి చేతికొచ్చేస్తుందని అమ్మేవాడు చెప్పేది ఈ లెక్కే. కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఎండాకాలంలో సరస్సులోనూ నీరు తగ్గుతుంది. తుపాన్ల రోజుల్లో పడవ కదలదు. యంత్రానికి నిజంగా పని ఉండేది 250 రోజులనుకుంటే మిగులు 2 లక్షలే. 6 లక్షలను 2 లక్షలతో భాగిస్తే మూడేళ్లు. పని లేని నెలల్లోనూ కట్టాల్సిన కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ ఉంటే, ఆ మిగులులోంచి దాన్నీ తీసేయాలి.

అయితే మూడో ఏడాది చివర వచ్చే 2 లక్షలు, ఈరోజు జేబులో ఉన్న 2 లక్షలతో సమానం కాదు. ఈలోగా పెట్టుబడి మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ వడ్డీని కూడా లెక్కలోకి తెచ్చేదే డిస్కౌంటెడ్ పేబ్యాక్. బ్యాంకు అప్పు మీద ఏడాదికి నూటికి 14 రూపాయల వడ్డీ అనుకోండి. మొదటి ఏడాది మిగులును 1.14తో భాగించాలి. రెండో ఏడాది మిగులును అదే అంకెతో రెండుసార్లు, మూడో ఏడాదిది మూడుసార్లు. అలా చేస్తే మొదటి 2 లక్షల నేటి విలువ సుమారు 1,75,000, రెండోది 1,54,000, మూడోది 1,35,000, నాలుగోది 1,18,000. నాలుగూ కూడితే 5,82,000. ఇంకా 18,000 తక్కువ. అది ఐదో ఏడాది మొదటి రెండు మూడు నెలల్లో పూడుతుంది. మూడేళ్లన్నది నాలుగేళ్లు దాటింది.

అదే డబ్బు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే? నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24. ఈసారి 1.24తో భాగించుకుంటూ పోతే, 6 లక్షలు పూడేసరికి దాదాపు ఆరేళ్లు పడుతుంది. యంత్రం అదే, ఐసు అదే. అప్పు తెచ్చిన చోటు మారితే గడువు నాలుగేళ్ల పైచిలుకు నుంచి దాదాపు ఆరేళ్లకు పెరిగింది.

ఒక జాగ్రత్త. డిస్కౌంట్ చేసేటప్పుడు మిగులులోంచి అప్పు కిస్తీలను మళ్లీ తీసేయకూడదు. వడ్డీ ఆ భాగహారంలోనే, అసలు ఆ 6 లక్షల్లోనే వచ్చేశాయి. అలాగే యంత్రం తరుగుదల కూడా తీయక్కర్లేదు. 6 లక్షలు మొదట్లోనే ఖర్చు కింద రాసుకున్నాం కదా.

ఇప్పుడు ఈ గడువును యంత్రం ఆయుష్షుతో పోల్చాలి. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కంప్రెసర్, పైపులు ఆరేళ్లకు మించి నిలవవని మెకానిక్ చెబితే, బ్యాంకు అప్పుతో కొన్నవాడికి ఏడాదిన్నరకు పైగా లాభం మిగులుతుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు ఆరేళ్లు కష్టపడి ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఉంటాడు.

ఈ లెక్కకూ ఒక హద్దుంది. పెట్టుబడి తిరిగొచ్చిన తర్వాత యంత్రం ఎంత సంపాదిస్తుందో ఇది చెప్పదు. నాసిరకం యంత్రం చవగ్గా దొరికి, డబ్బు త్వరగా రాబట్టి, మరుసటి ఏడాదే మూలన పడొచ్చు. గడువు ఒక్కటే చూస్తే అదే మేలనిపిస్తుంది. కాబట్టి పనికిరానిదాన్ని పక్కన పెట్టడానికే ఈ లెక్క వాడండి. మిగిలిన వాటిలో ఏది మంచిదో తేల్చడానికి యంత్రం నడిచే ఏళ్లన్నిటి మిగులూ లెక్కగట్టాలి.

సంతకం పెట్టేముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: యంత్రానికి నిజంగా పని దొరికే రోజులు, మీరు కట్టే వడ్డీ, మెకానిక్ చెప్పిన ఆయుష్షు. డిస్కౌంట్ చేసిన గడువు ఆ ఆయుష్షుకు దగ్గరగా వస్తే, ఐసు బయట కొనుక్కోవడమే లాభం.