పద్దుల్లోకి మన అంకెలు

ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. ఇటలీలోని పీసా నగరవాసి ఫిబొనాచీ 1202లో ఒక లెక్కల పుస్తకం రాశాడు. అతని తండ్రి ఉత్తర ఆఫ్రికాలోని బుజియా రేవులో, పీసా వర్తకుల తరఫున సుంకాల కచేరీలో పనిచేసేవాడు. అరబ్బుల ద్వారా అక్కడికి చేరిన భారతీయుల తొమ్మిది అంకెలనూ సున్నానూ కొడుకు అక్కడే నేర్చి, ఆ పుస్తకంలో వివరించాడు.

అప్పటి యూరప్ వర్తకుడు రోమన్ అంకెల్లో మొత్తాలు రాసుకునేవాడే గానీ, వాటితో గుణించడం మహా కష్టం. 23 గజాల బట్ట, గజం 14 నాణేలంటే గీతల బల్ల మీద బిళ్లలు జరపాలి. బిళ్లలు తీసేశాక తప్పెక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. మన అంకెల్లో నాలుగు ఇరవైమూళ్లు 92, పది ఇరవైమూళ్లు 230, కలిపితే 322. చేసిన లెక్కంతా కాగితం మీదే ఉంటుంది, ఎవరైనా సరిచూడొచ్చు.

అయినా 1299లో ఫ్లోరెన్స్ నాణేల మారకం వర్తకుల సంఘం పద్దుల్లో ఈ అంకెలు రాయొద్దంది. సున్నాకు తోక తగిలిస్తే 6 గానో 9 గానో మారుతుందన్న భయమే కారణమంటారు. ఉత్త భయమేం కాదు, ఇవాళ్టికీ చెక్కు మీద మొత్తం అక్షరాల్లోనూ రాస్తున్నాం కదా! అందుకే చాలాకాలం లెక్క కొత్త అంకెల్లో వేసి, పద్దులోకి రోమన్‌లో ఎక్కించేవారు. 1500 ప్రాంతానికి ఇటలీ పద్దుల్లో మన అంకెలే స్థిరపడ్డాయి. ఉత్తర యూరప్‌లో మాత్రం ఇంకా ఆలస్యమైంది.