రాత్రి డ్యూటీ తెల్లారాక

పీజీ డాక్టర్లు ఏకధాటిగా 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పనిచేయకూడదని కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ పథకం 1992లోనే చెప్పింది. ఆ లెక్కతో రోస్టర్ వేసి చూద్దాం.

వార్డులో ఎప్పుడూ ఒక్క డాక్టర్ ఉండాలన్నా వారానికి 168 గంటలు. 48తో భాగిస్తే మూడున్నర మంది, అంటే నలుగురు కావాలి. యూనిట్లో ఐదుగురుంటే 240 గంటలు చేతిలో ఉంటాయి. ఓపీకి, ఆపరేషన్లకు మిగిలేది 72 గంటలే. ఒకరు సెలవు పెడితే అవి 24కి పడిపోతాయి. అందుకే సెలవులు ముందు రాసుకుని, తర్వాత రాత్రులు పంచాలి.

రోస్టర్ తప్పేది మాత్రం ఉదయం పూటే. రాత్రి ఎనిమిదికి ఎక్కినవారు పొద్దున ఎనిమిదికి దిగాలి. తొమ్మిదికి రౌండ్స్, కేసులు చెప్పేది వాళ్లే, ఇంటికెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు. కాగితం మీద 12 గంటలు, ఒంటి మీద 16! పగటి డాక్టర్ ఏడున్నరకే వచ్చి, రాతపూర్వకంగా కేసులు అందుకుని, రౌండ్స్‌లో తానే చెప్పాలి. ప్రొఫెసర్లు దీనికి ఒప్పుకోవడమే అసలు కష్టం. రిజిస్టర్లో నిజంగా వెళ్లిన సమయం రాయించండి, విశ్రాంతిని అక్కడి నుంచే లెక్కించండి.